ఆదివారం సిట్టింగా, రోజూ రెండు పెగ్గులా: ఎవరిది ఏ తాగుడో లెక్క తీయడం ఎలా

అనంతపురంలో తాగుడు మాన్పించే చోట కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. ఎదురు కుర్చీలో కూర్చున్నవాళ్ల మొదటి మాట ఎక్కువగా రెండు రకాల్లో ఏదో ఒకటి. "నేనేమన్నా రోజూ తాగుతానా సార్, ఆదివారం ఒక్కరోజే గదా" అంటాడు కుర్రాడు. "నేనేమన్నా తాగి రోడ్డు మీద పడిపోతానా? రెండు పెగ్గులేసుకుని గమ్మున పండుకుంటా" అంటాడు పెద్దాయన. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. కాకపోతే ఇద్దరూ తమకు అనుకూలమైన లెక్కే చెప్తున్నారు.

తాగుడులో మూడు లెక్కలు ఉన్నాయి. ఒక్క సిట్టింగ్‌లో ఎంత తాగారన్నది ఒకటి. అది గీత దాటితే బింజ్ డ్రింకింగ్. వారం మొత్తం మీద ఎంతన్నది రెండోది. అది దాటితే రిస్కు తాగుడు. మూడోదాన్ని కొలవడానికి మిల్లీలీటర్లు పనికిరావు. మందు మీద మనిషికి పట్టు ఉందా, మనిషి మీద మందుకు పట్టు ఉందా అన్నదే అక్కడ ప్రశ్న. ఆ పట్టు తప్పిన స్థితిని డాక్టర్లు ఆల్కహాల్ యూజ్ డిజార్డర్ అంటారు. ఇక్కడ దాన్ని వ్యసన రుగ్మత అందాం. ఒకే మనిషికి మూడూ ఉండొచ్చు, ఒకటే ఉండొచ్చు. మీకోసమో, మీ ఇంట్లో మనిషి కోసమో ఈ మూడింటినీ విడివిడిగా ఎలా తీయాలో చూద్దాం. ఉదాహరణకు పైన చెప్పిన ఇద్దరినే తీసుకుంటాను. గుర్తు పట్టకుండా వివరాలు మార్చాను.

కుర్రాడికి 29 ఏళ్లు, బైక్ మెకానిక్. సోమవారం నుంచి శనివారం దాకా చుక్క ముట్టడు. పెద్దాయనకు 54, బట్టల దుకాణంలో లెక్కలు రాస్తాడు. ఇరవై ఏళ్లుగా రాత్రి భోజనానికి ముందు "రెండు పెగ్గులు".

1. సీసాను పెగ్గుల్లోకి మార్చండి

క్వార్టర్, నైంటీ, బీరు, గ్లాసు అని కలిపి చెప్తే లెక్క తేలదు. అన్నింటినీ ఒకే కొలతలోకి తేవాలి. ఆ కొలత 10 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాల్. మన అదృష్టం కొద్దీ ఇది తేలిక. మన షాపుల్లో దొరికే విస్కీ, బ్రాందీ, రమ్ము సీసాల మీద సాధారణంగా 42.8 శాతం అని ఉంటుంది. అలాంటి మందు 30 మిల్లీలీటర్లలో, అంటే ఒక చిన్న పెగ్గులో, దాదాపు 10 గ్రాములు ఉంటాయి. కాబట్టి నైంటీ అంటే మూడు, 180 మిల్లీలీటర్ల క్వార్టర్ అంటే ఆరు, హాఫ్ అంటే పన్నెండున్నర పెగ్గులు.

బీరు తేలిక అనుకుంటారు కదా, అక్కడే లెక్క తప్పుతుంది. 650 మిల్లీలీటర్ల సీసా మీద 8 శాతం అని ఉంటే అందులో నాలుగు పెగ్గులున్నట్టు. 5 శాతం బీరైతే రెండున్నర. రెండు స్ట్రాంగ్ బీర్లు తాగినవాడు క్వార్టర్ కంటే ఎక్కువే తాగాడన్నమాట. "బీరే కదా" అన్న మాటకు ఈ లెక్కలో చోటు లేదు. కల్లు, నాటుసారా మాత్రం ఈ కొలతకు లొంగవు. లేబుల్ ఉండదు, కుండకో రకంగా ఉంటుంది.

లెక్క కట్టేటప్పుడు మనిషిని అడగొద్దు, సీసాను చూడండి. పెద్దాయన "రెండు పెగ్గులు" అన్నప్పుడు నేను ఆయన తాగే స్టీలు గ్లాసు తెప్పించాను. ఆయన కంటి అంచనాతో రోజూ పోసుకునే గీత దాకా నీళ్లు పోసి, ఆ నీళ్లను దగ్గు మందు సీసాతో వచ్చే కొలత మూతతో కొలిచాం. ఒక్క గ్లాసుకే 90 మిల్లీలీటర్లు వచ్చాయి, ఆయన రెండు పెగ్గులంటే అలాంటి రెండు గ్లాసులు. రెండు పెగ్గులు కాదు, ఆరు. వాళ్లావిడ పక్కనుంచి "దినానికో క్వార్టర్ సీసా నేనే గదా బయట పారేసేది" అంది. ఆయన గ్లాసు వంక చూస్తూ కూర్చున్నాడు. మోసం చేయాలని కాదు, నిజంగానే ఆయనకు తెలియదు.

2. ఒక్క సిట్టింగ్ లెక్క తీయండి

గడిచిన నెలలో ఎక్కువ తాగిన రోజును గుర్తు చేసుకుని, ఆ ఒక్క కూర్చోవడంలో ఎన్ని పెగ్గులో లెక్కపెట్టండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత 60 గ్రాముల దగ్గర ఉంది. అంటే సరిగ్గా మన క్వార్టర్. నెలలో ఒక్కసారి దాన్ని అందుకున్నా అతిగా తాగిన సందర్భం కిందే లెక్క. అమెరికా వాళ్లు ఇంకో తీరులో చెప్తారు: రెండు గంటల్లో రక్తంలో ఆల్కహాల్ 100 మిల్లీలీటర్లకు 80 మిల్లీగ్రాములకు చేరేలా తాగితే బింజ్. ఆడవాళ్లకు ఇంకా తక్కువ మోతాదుకే ఆ స్థాయి వస్తుంది, ఒంట్లో నీటి పాళ్లు తక్కువ కాబట్టి.

కుర్రాడి ఆదివారం ఇలా ఉంటుంది. రాత్రి ఎనిమిదికి నలుగురు స్నేహితులతో కూర్చుంటాడు. క్వార్టర్ తనకే. పదకొండులోపు ఒక స్ట్రాంగ్ బీరు. ఆరూ నాలుగూ పది పెగ్గులు, మూడు గంటల్లో 100 గ్రాములు. వారంలో ఆరు రోజులు ముట్టకపోవడం దీన్ని తగ్గించదు. లివరుకు వారం రోజుల సెలవు ఇచ్చినా, ఆ రాత్రి అది గంటకు అరిగించగలిగేది ఏడెనిమిది గ్రాములే. నిమ్మరసం, పెరుగు, చన్నీళ్ల స్నానం ఏవీ ఆ వేగాన్ని పెంచవు. మామూలు బరువున్న మగవాడికి 100 గ్రాములు పూర్తిగా దిగాలంటే పన్నెండు గంటల పైమాటే. సోమవారం పొద్దున ఏడింటికి పని మీద బండి తీసినప్పుడు అతను మత్తు దిగిపోయిందనే అనుకుంటాడు. మోటారు వాహనాల చట్టంలో గీత 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు. అప్పటికీ ఆ గీత పైనే ఉండే అవకాశం ఉంది.

బింజ్‌లో ప్రమాదం ఆ రాత్రిదే. బండి మీంచి పడటం, గొడవ, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవడం. ఇంకో గుర్తు, మర్నాడు రాత్రి సంగతుల్లో ఒక ముక్క గుర్తుకు రాకపోవడం. "నేను బిల్లు కట్టినానా?" అని ఫోన్ చేసి అడగడం అదే. నిద్రపోయి మర్చిపోవడం వేరు. ఇక్కడ మనిషి నడిచాడు, మాట్లాడాడు, డబ్బులు ఇచ్చాడు. రక్తంలో ఆల్కహాల్ ఒక్కసారిగా పెరగడంతో మెదడు వాటిని దాచుకోలేదు. ఖాళీ కడుపుతో గబగబా తాగితే ఇది ఎక్కువ.

స్నేహితులు ఒక్కటి గుర్తుంచుకోవాలి. పడుకున్నవాడు గట్టిగా కదిపినా లేవకపోతే, ఊపిరికీ ఊపిరికీ మధ్య పది సెకన్లు దాటితే, పెదాలు నీలంగా మారితే "నిద్రపోతే దిగుతుందిలే" అని వదిలేయకండి. కడుపులో మిగిలిన మందు పడుకున్నాక కూడా రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

3. వారం లెక్క తీయండి

ఇప్పుడు ఏడు రోజులవీ కూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగుడును పరీక్షించే ప్రశ్నావళి ఒకటి తయారు చేసింది, పేరు ఆడిట్. దాని చేతిపుస్తకం చెప్పే హద్దు రోజుకు రెండు పెగ్గులు, వారంలో కనీసం రెండు రోజులు అసలు లేకుండా. అంటే వారానికి పది. దాటితే రిస్కు తాగుడు. ఇంకా ఏమీ చెడిపోయి ఉండకపోవచ్చు, కానీ ఇలాగే సాగితే బీపీ, లివరు, గుండె, నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్ వైపు దారి అని అర్థం. పది లోపు క్షేమం అనేమీ కాదు. పూర్తిగా సురక్షితమైన మోతాదంటూ లేదని అదే సంస్థ 2023లో చెప్పింది. కొందరికి హద్దు సున్నాయే: గర్భిణులు, బండి నడపబోయేవాళ్లు, లివరు జబ్బున్నవాళ్లు, ఫిట్స్ మాత్రలో నిద్ర మాత్రలో వాడేవాళ్లు.

ఇక్కడే తమాషా ఉంది. కుర్రాడి వారం మొత్తం పది. హద్దు మీద సరిగ్గా నిలబడ్డాడు. వారం సగటు మాత్రమే చూసే డాక్టరుకు అతను దాదాపు బుద్ధిమంతుడిలా కనిపిస్తాడు. కానీ రోజుకు రెండు అన్న హద్దును అయిదింతలు దాటాడు. రోజు హద్దు, వారం హద్దు రెండూ కలిపి చూడాలని చెప్పేది అందుకే. పెద్దాయనది రోజుకు ఆరు, ఏడు రోజులకు నలభై రెండు. ఏ ఒక్క రాత్రీ ఎవరికీ తూలుతూ కనిపించలేదు గానీ, వారం హద్దును నాలుగింతలు దాటాడు. రోజూ క్వార్టర్ కాబట్టి సిట్టింగ్ గీతను కూడా రోజూ తాకుతున్నాడు.

4. పన్నెండు నెలలు వెనక్కి వెళ్లండి

వ్యసన రుగ్మతను తేల్చడానికి ఇక సీసా పక్కన పెట్టండి. మానసిక వైద్యులు 2013 నుంచి వాడుతున్న అమెరికా పద్ధతిలో పదకొండు గుర్తులున్నాయి. గడిచిన ఏడాదిలో రెండు ఉంటే రుగ్మత ఉన్నట్టు. రెండు మూడు ఉంటే స్వల్పం, నాలుగైదు మధ్యస్థం, ఆరు, అంతకు మించి ఉంటే తీవ్రం. ఒక్కసారి జరిగింది లెక్క కాదు, మళ్లీ మళ్లీ జరగాలి.

ముందు నాలుగు పట్టుకు సంబంధించినవి. అనుకున్నదానికంటే ఎక్కువ తాగుతున్నారా? తగ్గించాలని చూసి కుదరలేదా? మందు తెచ్చుకోవడం, తాగడం, దిగడం చుట్టూనే రోజులో చాలా సమయం పోతోందా? తాగాలని మనసు లాగుతోందా? తర్వాత మూడు ఇంటికీ పనికీ సంబంధించినవి. పనిలో, ఇంట్లో చేయాల్సినవి తప్పుతున్నాయా? తాగుడు వల్లే గొడవలని తెలిసినా తాగుతున్నారా? ఇష్టమైన పనులు, మనుషులు మందు కోసం దూరమయ్యారా? తర్వాత రెండు. బండి నడపడం లాంటి ప్రమాదమున్న చోట్ల మళ్లీ మళ్లీ తాగి ఉంటున్నారా? జబ్బు వచ్చిందని తెలిసినా మానలేదా? చివరి రెండూ ఒంటివి. అదే మత్తుకు ఇప్పుడు ఎక్కువ కావాల్సి వస్తోందా? తాగకపోతే చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం, కడుపులో తిప్పడం వస్తున్నాయా?

కుర్రాడిని ఒక్కొక్కటీ అడిగాను. అనుకున్నంతే తాగుతాడు, పది అనుకుంటే పది. మానాలని ఎప్పుడూ చూడలేదు, మనసు లాగదు, వణుకు లేదు. ఆదివారం రాత్రి బండి మీదే ఇంటికి వస్తాడు, ప్రతి వారం. అది ఒకటి. ఒక్క గుర్తుతో రుగ్మత అనలేం. అతనిది బింజ్, దాని ప్రమాదం బండి మీద ఉంది. లేస్తూ లేస్తూ "సోమవారం రెండు వారాలకోసారి లీవ్ పెడుతుంటా సార్, మా ఓనరు మంచోడు" అన్నాడు. మళ్లీ కూర్చోబెట్టాను. అది పనిలో తప్పడం, రెండోది. స్వల్ప స్థాయి రుగ్మత గీత దాటేశాడు. ఓనరు మంచితనం ఆ గుర్తును ఇన్నాళ్లూ దాచింది.

పెద్దాయన దగ్గర పని ఎప్పుడూ తప్పలేదు, ఇంట్లో గొడవ లేదు, తాగి బండి ఎక్కలేదు. బయటివాళ్లు తాగుబోతు అనడానికి చూసే మూడూ ఆయనలో లేవు. కానీ రెండు గ్లాసులన్నది కొన్నాళ్లుగా కొన్ని రాత్రులు మూడో గ్లాసు సగం దాకా పోతోంది. మూడుసార్లు తగ్గించాలని చూసి వారం దాటలేకపోయాడు. సాయంత్రం ఆరున్నర నుంచి గడియారం చూస్తాడు. బెంగళూరులో కూతురింటికి వెళ్తే రాత్రి ఉండడు, అక్కడ తాగడం కుదరదని. బీపీ ఉందని, లివరు పరీక్ష బాగాలేదని డాక్టరు చెప్పినా ఆగలేదు. మొదట్లో ఒక నైంటీకి వచ్చే నిద్రకు ఇప్పుడు క్వార్టర్ కావాలి. ఇవి ఆరు.

ఏడోదాన్ని పాత బిల్లు పుస్తకం పట్టించింది. వాళ్లావిడ ఇంట్లో ఉన్నదొకటి తెచ్చింది. మధ్యాహ్నం రాసిన ఎనిమిదులు గుండ్రంగా ఉన్నాయి. పొద్దున తొమ్మిదికి రాసినవి దారం చిక్కుపడ్డట్టు ఉన్నాయి. రాత్రి పదిన్నరకు ఆఖరి గుక్క, పొద్దునకు పదిన్నర గంటలు. మందు అందక ఒళ్లు చేసే వణుకు అది. తర్వాత దుకాణంలో కంప్యూటర్ బిల్లులు వచ్చాయి, ఎవరూ గమనించలేదు. ఏడు గుర్తులు, తీవ్రమైన రుగ్మత.

ఇంట్లో పెద్దావిడలు తరచూ పడిపోయేవాడి గురించి ఏడుస్తారు, గమ్మున పండుకునేవాడి గురించి "మా ఆయన మంచోడు" అంటారు. నా అనుభవంలో వార్డు దాకా వచ్చేది ఎక్కువగా రెండో మనిషే, అదీ ఆలస్యంగా.

5. మానే ముందు ఈ ఒక్కటి చూసుకోండి

కుర్రాడి లాంటివాళ్లు రేపటి నుంచే ఆపేయొచ్చు. ఒంటికి మందు అలవాటు కాలేదు కాబట్టి ఏమీ కాదు. పూర్తిగా మానకపోతే కనీసం బండి తాళం ఇంట్లో పెట్టి వెళ్లాలి, అన్నం తిని కూర్చోవాలి, క్వార్టర్ మీద బీరు కలపకూడదు. సోమవారం లీవుల సంగతి మూడు నెలల తర్వాత మళ్లీ లెక్క చూసుకోవాలి.

పెద్దాయన లాంటివాళ్లు ఒక్కసారిగా ఆపకూడదు. మన దగ్గర ఇది ఎక్కువగా జరిగేది కార్తీకంలో. అయ్యప్ప మాల వేసుకుంటారు, ఆ పొద్దున్నుంచే మందు బంద్. భక్తితో ఆపడం మంచిదే, కానీ రోజూ తాగే ఒంటికి మాల సంగతి తెలియదు. ఆఖరి గుక్క తర్వాత ఆరు గంటల నుంచి ఒక రోజు లోపు వణుకు, చెమటలు మొదలవుతాయి. రెండు రోజుల లోపు కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి చెదురుతుంది: దుప్పటి మీద పురుగులు పాకుతున్నాయని దులుపుతారు, లేని మనుషులతో మాట్లాడతారు, జ్వరం వస్తుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఇంట్లోవాళ్లు స్వామి పరీక్ష అనో, గాలి సోకిందనో అనుకుంటారు. చికిత్స ఆలస్యమైతే ప్రాణం పోయే స్థితి అది.

కాబట్టి పదకొండో గుర్తు, అంటే తాగకపోతే వణుకు, ఉన్నవాళ్లు, లేదా అంతకు ముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్లు మాలకు రెండు వారాల ముందే మానసిక వైద్య విభాగం ఓపీకి వెళ్లాలి. అనంతపురం, కర్నూలు, కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో అడగొచ్చు. ఇంట్లోంచి అడగాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ 14416, మత్తు వదిలించే జాతీయ హెల్ప్‌లైన్ 14446. డాక్టరు కొద్ది రోజులు తగ్గిస్తూ పోయే మాత్రలు ఇస్తారు, బీ1 విటమిన్ ఇస్తారు. ఆ మాత్రలు సొంతంగా కొనుక్కుని వేసుకోవద్దు, మందుతో కలిస్తే ఊపిరి ఆగిపోవచ్చు. ఊళ్లో నీరసంగా ఉందని నేరుగా గ్లూకోజ్ బాటిల్ ఎక్కించుకుంటారు. రోజూ తాగేవాళ్లకు బీ1 ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదముంది. ఎక్కించే మనిషికి ముందే చెప్పండి.

మాల నలభై ఒక్క రోజులు నిలబడ్డాక "చూడు, మానగలిగినా, నాకు వ్యసనం లేదు" అని కొందరు వాదిస్తారు. పదకొండు గుర్తుల్లో "ఆపలేకపోవడం" అని ఒంటరిగా ఎక్కడా లేదు. ఆపి, మాల తీసిన రాత్రే క్వార్టర్ దగ్గరికి పోవడం కూడా ఆ పట్టే.

అన్నంలో పొడి కలిపి మాన్పించడం చేయొద్దు. కొన్ని పొడుల్లో, మాత్రల్లో ఉండేది డైసల్ఫిరమ్. అది ఒంట్లో ఉండగా మందు తాగితే బీపీ పడిపోతుంది, గుండె దడ, వాంతులు, ఒక్కోసారి ప్రాణాపాయం. తాగేవాడికి తెలిసి, ఒప్పుకుని వేసుకుంటేనే దాన్ని వాడతారు.

ఇంకొక సందర్భం ఉంది. రోజూ తాగే మనిషి కాలు విరిగి ఆసుపత్రిలో చేరితే అతను అనుకోకుండా మానేసినట్టే. మూడో రాత్రి మంచం దిగి పారిపోబోతాడు, ఇంట్లోవాళ్లు మత్తు ఇంజెక్షన్ తేడా చేసిందనుకుంటారు. సిగ్గుపడి దాచకండి. కట్టు కట్టేటప్పుడే డ్యూటీ డాక్టరుకు రెండు మాటలు చెప్పండి: రోజుకు ఎంత, ఆఖరిసారి ఏ గంటకు.